‘గట్టి’ అనే ఒక్క మాటతో నాలుగు గుణాలు చెప్పగలమా?

పాఠం టీచర్: డిప్లొమా మొదటి ఏడాది పిల్లలకి తెలుగులో నోట్సు రాస్తున్నాను. స్ట్రెంత్, స్టిఫ్‌నెస్, టఫ్‌నెస్, హార్డ్‌నెస్ అని నాలుగున్నాయి. నాలుగింటికీ నాకు ‘గట్టి’ అనే వస్తోంది. మీ వైపు ఏమంటారు?

నిఘంటువు మాస్టారు: బలం, దృఢత్వం, కాఠిన్యం ఉండనే ఉన్నాయి కదమ్మా. అయినా గీత పడనంత గట్టిది విరగదు కూడా. ఇన్ని మాటలు ఎందుకు?

మెషిన్‌షాపు: అక్కడే తేడా వస్తుంది మాస్టారూ. ఆకురాయి ఇనప కడ్డీని అరగదీస్తుంది, కడ్డీ దాని మీద గీత కూడా పెట్టలేదు. అదే ఆకురాయిని వైసులో బిగించి పక్కనుంచి సుత్తితో కొడితే పుటుక్కున విరిగి ముక్క ఎగురుతుంది. విరిగిన చోట గరుకుగా బూడిద రంగు కనిపిస్తుంది తప్ప వంగిన జాడ ఉండదు. అందుకే దాంతో దేన్నీ పెకలించొద్దని కుర్రాళ్లకి మొదటి రోజే చెప్తాం. మామూలు కడ్డీ ఆ దెబ్బకి వంగుతుంది, విరగదు. గీతని ఆపేది హార్డ్‌నెస్. దెబ్బని మింగేది టఫ్‌నెస్. ‘పెళుసు’ అనే మాట మనకుంది, దానికి ఎదురుమాటే తట్టడం లేదు.

కర్రపని: ‘చేవ’ అనొచ్చుగా? గొడ్డలి కామకి చేవ ఉన్న కర్రే వేస్తాం.

పాఠం టీచర్: బాగుందండీ. కానీ ‘వాడికి చేవ లేదు’ అన్నప్పుడు అది బలమే అవుతుంది కదా?

పుస్తకాల అర: నాదొక సంగతి. అర రేకు మధ్యలో కుంగుతోందని ఇంకా బలమైన స్టీలు రేకు అదే మందంలో వేయించాను. ఇదీ అంతే కుంగింది. మోసపోయానా?

మెషిన్‌షాపు: పుస్తకాలు తీసేస్తే తిన్నగా అవుతోందా అన్నా?

పుస్తకాల అర: అవుతోంది.

మెషిన్‌షాపు: అయితే మోసం కాదు, అది స్టిఫ్‌నెస్ సంగతి. మామూలు స్టీలైనా బలమైన స్టీలైనా ఆ గుణం ఇంచుమించు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. అల్యూమినియానికి 70 దాకా ఉంటుంది, కాబట్టి అదే కొలతల అర పుస్తకాల బరువుకి దాదాపు మూడింతలు కుంగుతుంది. బరువు తీశాక కూడా రేకు వంగే ఉండిపోతే, అప్పుడు బలమైన స్టీలు అక్కరకొస్తుంది. మీకు మందం రెట్టింపు చేస్తే కుంగడం ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. అంత ఖర్చు ఎందుకు, పాత రేకునే ముందూ వెనకా అంచులు అంగుళం కిందికి మడిపించండి.

నిఘంటువు మాస్టారు: ఈ గుణానికి ‘బిరుసు’ సరిపోతుందేమో. గంజి పెట్టిన పంచెని బిరుసుగా ఉందంటాం.

కర్రపని: మా దగ్గర మొరటు జుట్టుని కూడా బిరుసే అంటారండీ.

పాఠం టీచర్: బలం, బిరుసు, కాఠిన్యం రాసుకున్నాను. టఫ్‌నెస్ దగ్గర ‘చేవ’ అని పెన్సిల్‌తో రాసి ఉంచాను. ఇంకో మాట తెలిసినవాళ్లు చెప్పండి.