ఈ వారం సమస్య: చెరువు నడిచి వచ్చి చేను దున్నె

హనుమకొండ సభాపతి:
పాకాల కట్ట మీద నిలబడినప్పుడు తట్టిన పాదం. వచ్చే వారం ఎనిమిదో తరగతి పిల్లలకు మొదటిసారి రూపకం చెప్పాలి. వాళ్ల ముందు పెట్టదగ్గ పూరణలు పంపండి. పదం విరిచి తప్పించుకునేవి ఈసారి వద్దు.

నర్సంపేట మాస్టారు:
పూడికలను తీసి పొలమున నింపిరి
ట్రాక్టరెక్కి నల్ల రాశి కదిలె
ఎరువు కొనక పంట యెదిగిన నాడంటి
చెరువు నడిచి వచ్చి చేను దున్నె

2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా దిక్కు చెరువు మట్టి ఇట్లనే చేలకు చేరింది.

పరకాల టీచరమ్మ:
ఊరంతా మేడారం పోయిందంటే మనుషులు పోయారనే కదా. మీరూ అట్లనే చెరువు అని చెరువు మన్ను చూపించారు. బాగుంది, కానీ రూపకం కాదు. మన్ను చెరువులోదే కాబట్టి ఆ పేరు తగిలింది, పోలిక వల్ల కాదు. పైగా మన్ను దున్నదు. 'దున్నె' ఆసరా లేక వేలాడుతోంది. నా పూరణ:

నాన్న గుండె లోతు నాకేమి తెలియును
కరువు లోన కూడ కడుపు నింపె
తెల్లవారు వేళ తేటగా నవ్వుచు
చెరువు నడిచి వచ్చి చేను దున్నె

నర్సంపేట మాస్టారు:
'తేటగా' నీళ్లకూ ముఖానికీ ఒక్కసారే పడింది, ఒప్పుకుంటాను. కానీ మన దిక్కు బాపు అంటాం కదా? ఇంకొకటి, బతుకమ్మ సమస్యకు 'తంగేడు పసిడి వలె' అని రాసి రూపకమని వాదించింది మీరే.

పరకాల టీచరమ్మ:
'వలె' ఉంటే ఉపమే. అది నా తప్పని అప్పుడే ఒప్పుకున్నాను. బాపు అంటే 'నా'తో యతి పోతుంది. 'బాపు గుండె లోతు పరులకే మెరుకరా' అంటే కుదురుతుంది, కానీ బిడ్డ తన ఎరుకలేమిని చెప్పుకోవడం పోతుంది.

ములుగు తమ్ముడు:
నేను వరద గురించి అనుకున్నాను. మా ఊరి చెరువు తెగినప్పుడు నీళ్లు మా మడిని దున్నినట్టే కోసుకుపోయినయి. ఇందులో అలంకారం ఎక్కడుంది? జరిగిందే కదా.

హనుమకొండ సభాపతి:
తమ్మీ, నీ మాట నాకు పాఠంలో పనికొస్తుంది. చెరువు నడవదని పిల్లలు పాదం మొత్తాన్ని కల్పన కింద కొట్టేస్తారు. ఒక్కో మాట దగ్గర ఆగి, ఇది నిజంగా జరిగిందా అని అడగమంటాను. మీ మడిలో చెరువు నిజం. నడవడం, దున్నడం పోలికలు. టీచరమ్మ పద్యంలో ఇది తిరగబడింది. నాన్న నిజంగా నడిచాడు, నిజంగా దున్నాడు, 'చెరువు' ఒక్కటే మారుమాట. అయితే చెరువులోని ప్రతిదీ నాన్నకు అంటగట్టకూడదు. లోతు, కరువులో ఆదుకోవడం, తేట అని పద్యమే చెప్పింది. చేపలు, తూములు అందులో లేవు.

నర్సంపేట మాస్టారు:
మన్ను దున్నదన్న మాట నన్ను వదలడం లేదు. నల్లరేగడి ఎండి నెర్రెలు విచ్చితే తనను తానే దున్నుకుంటుందని మా పెద్దలనేవారు.

పరకాల టీచరమ్మ:
మరి ఆ నెర్రెలు మీ పద్యంలో ఏవి మాస్టారూ?

నర్సంపేట మాస్టారు:
మూడో పాదం మారుస్తున్నాను:
నెర్రెలిచ్చి నేల నిద్ర లేచిన నాడు

ములుగు తమ్ముడు:
నెర్రెలంటే మాకు కరువే యాదికొస్తది సార్.