డ్రిప్‌తో సగం నీళ్లు మిగులుతాయంటున్నారు, ఆ మిగిలినవి ఎటు పోతున్నాయి?

డ్రిప్ షాపు శీను
చిన్న రైతుల కోసం వచ్చే ఆదివారం చేవెళ్ల దగ్గర టమాట చేనులో డ్రిప్ డెమో పెడుతున్నాం, పొద్దున 7 నుంచి 10 దాకా. కాలువ తడితో పోలిస్తే సగం నీళ్లు మిగులుతాయి, ఎకరం పారే బోరుతో రెండెకరాలు పండించుకోవచ్చు. వచ్చి కళ్లారా చూడండి. టిఫిన్ మాదే.

మూడో బోరు
సగం అని ఎవరు కొలిచారన్నా? డెమోల్లో అందరూ గేటు వాల్వు పక్కనున్న నాలుగు సాళ్లే చూపిస్తారు. మా చేనులో ఒక డీలర్ వేసిపోయిన డ్రిప్ మొదట్లో బ్రహ్మాండంగా పోస్తుంది, చివరి సాళ్లకు పోయేసరికి మట్టి పొడిగానే ఉంటుంది. పిందె మీదున్న మొక్కలు కళ్లముందే వాలిపోయాయి. ఫోన్ చేస్తే ఫిల్టర్ కడుక్కోమన్నాడు.

డ్రిప్ షాపు శీను
అది మేం వేసింది కాదు కదా అన్నా. అయినా ఫిల్టర్ కడగకపోతే ఎవరి డ్రిప్ అయినా అంతే.

మూడో బోరు
రోజూ కడిగాను. ఇంక ఏం కడగాలి?

మేడతోట కూకట్‌పల్లి
నమస్తే, మాకు మేడ మీద కుండీలున్నాయి, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వేసుకోవచ్చా? మోటార్ కూడా కావాలా? డెమోకి పిల్లల్ని తీసుకురావచ్చా?

పాత ఫీల్డ్‌మన్
మూడో బోరు గారూ, ఒక్క సంగతి చెప్పండి. చివర్లో డ్రిప్పర్లన్నీ ఒకేలా నీరసంగా ఉన్నాయా, లేక ఇక్కడొకటి అక్కడొకటి పూర్తిగా మూసుకుపోయాయా? అక్కడక్కడా మూసుకుపోతే ఉప్పు పట్టిందనో, చెత్త చేరిందనో అనుకోవాలి. అన్నీ కలిసి నీరసిస్తే మాత్రం ప్రెషర్ చాలడం లేదు, దానికి ఫిల్టర్ ఎంత కడిగినా లాభం లేదు.

మీది రెండోదే అని నా అనుమానం. బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 72 సెకన్లు పట్టిందంటే గంటకు 10 వేల లీటర్లు, మన వైపు ఇది మంచి బోరే. ఇక చేను సంగతి. 4 అడుగులకో పైపు, 40 సెంటీమీటర్లకో డ్రిప్పర్, ఒక్కోటి గంటకు 4 లీటర్లు పోసేది అనుకుందాం. ఎకరానికి 8 వేల పైచిలుకు డ్రిప్పర్లు వస్తాయి. అన్నీ ఒక్కసారే తెరిస్తే గంటకు 33 వేల లీటర్లు కావాలి, బోరేమో 10 వేలే ఇస్తుంది. మరి చివరి సాళ్లకు ఏం మిగులుతుంది?

అందుకే ఎకరాన్ని పది గుంటల చొప్పున నాలుగు సెక్షన్లు చేసి, దేని వాల్వు దానికి పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకోవాలి. చివరి డ్రిప్పర్ కింద చిన్న గుంత తీసి గ్లాసు పెట్టి నిమిషం ఆగండి. 65 మిల్లీలీటర్ల చుట్టుపక్కల పడితే బాగున్నట్టు. 50 కూడా పడకపోతే సెక్షన్ పెద్దదైపోయింది.

మూడో బోరు
అన్నీ ఒకేలా నీరసమే సార్. ఎకరానికి ఒకటే వాల్వు ఇచ్చాడు.

డ్రిప్ షాపు శీను
ఇందులో డీలర్ల తప్పొక్కటే లేదు సార్. నాలుగు వాల్వులు, వాటికి సబ్‌మెయిన్ పైపు అంటే ఖర్చు పెరుగుతుంది, రైతులే తగ్గించెయ్ అంటారు.

వీకెండ్ రైతు మాదాపూర్
ఇంత గొడవ ఎందుకండీ, సింపుల్. డ్రిప్‌లో మొక్క తక్కువ నీళ్లు తాగుతుంది, వేరు దగ్గరే పడతాయి కాబట్టి వేస్ట్ ఉండదు. ఆ మేరకు భూగర్భ జలం మిగులుతుంది. శీను గారు చెప్పింది కరెక్టే.

పాత ఫీల్డ్‌మన్
సగం కరెక్టు. వేరు దగ్గర పడటం నిజం, మొక్క తక్కువ తాగడం నిజం కాదు. తగ్గేది సాళ్ల మధ్య తడిసిన నేల మీంచి ఆవిరయ్యేదీ, వేళ్లు దాటి కిందికి ఇంకిపోయేదీ.

కాలువ తడి అంటే ఒక్కసారికి 5 సెంటీమీటర్ల నీరు అనుకుంటే ఎకరానికి 2 లక్షల లీటర్లు, వారానికోసారి. నాటిన కొత్తలో డ్రిప్‌తో రోజుకు 6, 7 వేల లీటర్లు చాలు, అంటే వారానికి 50 వేలు కూడా దాటదు. అక్కడ సగం కాదు, ముప్పావు వంతు మిగులుతుంది. అదే ఏప్రిల్ ఎండలో కాపు మీదున్న టమాటకు రోజుకు 24 వేల లీటర్లయినా కావాలి. వారానికి 1 లక్షా 68 వేలు. 2 లక్షలతో పోలిస్తే మిగిలిందెంత?

సీజన్ మొత్తం కలిపితే సగం దగ్గరికి రావచ్చు, నేను కాదనను. కానీ రెండో ఎకరం వేసినవాడికి నీళ్లు చాలనిది సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే. అప్పుడు 10 వేలు పోసే బోరు 5 వేలకు పడిపోయిందంటే రెండెకరాలకు రోజుకు పది గంటలు మోటార్ ఆడాలి.

సరిత యాచారం
మేం నీళ్ల కోసం వేయించుకోలేదు. సాళ్ల మధ్య తడి లేక కలుపు తగ్గింది, కూలీ ఖర్చు తగ్గింది. రాత్రిపూట మడవలు కట్టడానికి పోయే పని తప్పింది. అది ఎవరూ చెప్పరేం? కాకపోతే మా నీళ్లకు డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా సున్నం కట్టినట్టు పేరుకుంటుంది. ఏడాదికోసారి యాసిడ్ పంపించి, ఒక రోజు అలాగే ఉంచి, ఎండ్ క్యాపులు తీసి వదిలేస్తాం. డెమోలో అది చేసి చూపించండి శీను గారూ, కొత్త పైపులో నీళ్లు రావడం ఎవరైనా చూపిస్తారు.

డ్రిప్ షాపు శీను
తప్పకుండా అక్కా. మూడో బోరు అన్నా, నువ్వు రా, డ్రమ్ము నీ చేతే పెట్టిస్తా.

మూడో బోరు
డ్రమ్ము ఎవడిక్కావాలి? నా పేరు మూడో బోరని ఊరికే పెట్టుకోలేదు. మా గట్టు పక్కాయన ఎకరం టమాట వేసేవాడు. డ్రిప్ వచ్చాక మూడెకరాలు చేశాడు. 24 గంటల ఫ్రీ కరెంటు, దానికో ఆటో స్టార్టర్, మోటార్ ఆగదు. నా రెండు బోర్లు ఎండిపోయాయి. నీళ్లు మిగిలాయంటే నేలలో మిగలాలి కదా? నువ్వు పోస్టులోనే రాశావు, మిగిలిన నీళ్లతో రెండో ఎకరం వేసుకోండని!

డ్రిప్ షాపు శీను
ఆయన భూమి, ఆయన బోరు. చిన్న రైతుకు నాలుగు డబ్బులు రావొద్దా? ఎకరం మీద ఎవడు బతుకుతాడు? నీ బోరు ఎండితే నా పైపుది తప్పా?

మూడో బోరు
నేనూ చిన్న రైతునే.

వీకెండ్ రైతు మాదాపూర్
పర్మిషన్లు ఉంటాయి కదా? వాల్టా చట్టం?

పాత ఫీల్డ్‌మన్
2002 నుంచి ఉంది. బోరు వేయడానికి అనుమతి అడుగుతారు. వేశాక ఎన్ని గంటలు తోడుతున్నారో ఎవరు చూస్తున్నారు?

ఇంకోటి ఉంది, శీనుకు నచ్చకపోవచ్చు. కాలువ తడిలో వేళ్లు దాటి ఇంకిన నీళ్లన్నీ వృథా కాదు, మన రాతి నేలల్లో కొంతైనా మళ్లీ బోర్లకే చేరతాయి. డ్రిప్ పెట్టి దాన్ని ఆపి, అదే నీటితో ఇంకో ఎకరం వేస్తే తోడేది తగ్గదు, తిరిగి చేరేది తగ్గుతుంది. అదే ఎకరం మీద ఆగితే నీటిమట్టానికి మేలే. కానీ ఆగమని పక్కాయనకు ఎవరు చెప్తారో నాకు తోచదు, పిల్లల ఫీజులు ఆయనకూ ఉన్నాయి.

మేడతోట కూకట్‌పల్లి
నా కుండీల సంగతి?

సరిత యాచారం
ట్యాంకు ఎత్తు చాలు, మోటార్ అక్కర్లేదు, చిన్న ఫిల్టర్ పెట్టుకోండి. శీను గారూ, వానలు పోయిన వెంటనే బోర్లన్నీ నిండుగా పోస్తాయి, ఇప్పుడు ఏం చూపించినా బాగానే ఉంటుంది. ఇదే చేనులో ఏప్రిల్‌లో ఇంకో డెమో పెట్టండి. రెండెకరాల మాట అప్పుడు మాట్లాడుకుందాం.

డ్రిప్ షాపు శీను
చేను రైతును అడిగి చెప్తా అక్కా. పోస్టులో రెండెకరాల లైను మాత్రం తియ్యను, చేసి పండిస్తున్నవాళ్లున్నారు.

మూడో బోరు
ఉన్నారు. మా గట్టు పక్కనే ఉన్నాడు.