ఏటా 5 శాతమా, మూడేళ్లకోసారి 15 శాతమా: ఆరేళ్ల షాపు కిరాయి, అడ్వాన్స్ లెక్క

మాధవి
కేపీహెచ్‌బీలో మగ్గం వర్క్, బ్లౌజుల షాపు కోసం ఒక షట్టర్ చూశాను. కిరాయి నెలకు 40 వేలు, ఆరేళ్ల లీజు. ఓనర్ అంకుల్ రెండు రకాలు చెప్పి ఏదైనా నన్నే ఎంచుకోమన్నారు. ఒకటి ఏటా 5 శాతం పెంపు, రెండోది మూడేళ్లు అదే కిరాయి ఉంచి ఆ తర్వాత ఒకేసారి 15 శాతం. అడ్వాన్స్ ఆరు నెలల కిరాయి. 2026 ఏప్రిల్ 1న తాళాలు ఇస్తారు, రెండు నెలలు ఇంటీరియర్ పనికి కిరాయి వద్దన్నారు, జూన్ 1 నుంచి మొదలు, 2032 మే 31తో అయిపోతుంది. మా ఆయనేమో రెండూ ఒకటే, ఏదో ఒకటి చెప్పేసెయ్ అంటున్నారు. ఆరేళ్లలో మొత్తం నా చేతి నుంచి ఎంత పోతుందో, అడ్వాన్స్ కింద ఎంత పక్కన పెట్టుకోవాలో తెలిస్తే బ్యాంకు లోన్ ఎంత అడగాలో తేలుతుంది. ఎవరైనా లెక్క సరిచూసి చెప్పగలరా?

రమేశ్
మీవారు చెప్పింది దాదాపు కరెక్టే అక్కా. 5 ఇంటూ 3 అంటే 15. వడ్డీ మీద వడ్డీలా లెక్కేస్తే మూడేళ్లకు 15.76 శాతం అవుతుంది, అంటే ఏటా పెంచే పద్ధతిలో నాలుగో ఏడు కిరాయి 46,305, ఇంకో పద్ధతిలో 46,000. నెలకు మూడు వందల తేడా. దీనికి టెన్షన్ ఎందుకు, ఏటా పెంపే తీసుకోండి, ఒకేసారి ఆరు వేలు పెరిగితే తట్టుకోవడం కష్టం.

సుజాత
మాది మియాపూర్‌లో ఫ్లాట్, 11 నెలల అగ్రిమెంట్. ప్రతిసారీ రెన్యువల్‌కి 10 శాతం అంటున్నారు, పోయిన ఓనర్ అయితే ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఒక నెల కిరాయి పట్టుకున్నాడు. 15 శాతం అసలు చట్ట ప్రకారం అడగొచ్చా? మీరు ఒప్పుకోకండి మాధవీ.

శ్రీనివాస్ (షాపుల అకౌంట్స్ చూస్తాను)
సుజాత గారూ, మీది ఇల్లు, ఏడాదిలోపు అగ్రిమెంట్, ప్రతిసారీ కొత్తగా బేరం. మాధవి గారిది ఆరేళ్లకు ముందే రాసుకునే పెంపు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టిందే ఇక్కడ లెక్క, అందుకే సంతకానికి ముందే చూసుకోవాలి.

రమేశ్, నువ్వు చెప్పిన 46,305, 46,000 రెండూ కరెక్టే. కానీ నువ్వు చూసింది నాలుగో ఏడు మొదటి నెల ఒక్కటే. అక్కడికి చేరేలోపు ఏటా పెంపులో రెండో ఏడు, మూడో ఏడు ఎక్కువ కట్టేసి ఉంటాం కదా, ఆ డబ్బు లెక్కలోకి రాలేదు. నాలుగో ఏడు దాటాక కూడా ఒకటి మళ్లీ ఎక్కుతూ పోతుంది, ఇంకోటి అక్కడే ఆగిపోతుంది.

ఏటా 5 శాతం అయితే నెల కిరాయి ఇలా పోతుంది: 40,000, తర్వాత 42,000, 44,100, 46,305, 48,620, చివరి ఏడు 51,051. ఆరేళ్లకు మొత్తం 32,64,918. ఎక్సెల్‌లో ఇది ఒక్క లైనులో వస్తుంది:

```
=40000*12*(1.05^6-1)/0.05
```

మూడేళ్లకోసారి 15 శాతం అయితే 36 నెలలు 40,000, అంటే 14,40,000. తర్వాతి 36 నెలలు 46,000, అంటే 16,56,000. మొత్తం 30,96,000.

తేడా 1,68,918. ఇందులో 73,200 మొదటి మూడేళ్లలోనే వస్తుంది, అంటే ఖర్మకాలి షాపు నడవక మూడేళ్లకే ఖాళీ చేసినా రెండో పద్ధతే మేలు. ఇంకో మాట, ఓనర్ మనసు మార్చుకుని 15 కాదు 20 శాతం అన్నా ఆరేళ్ల మొత్తం 31,68,000 దగ్గరే ఆగుతుంది. ఏటా పెంపుతో సమానం కావాలంటే మూడేళ్ల తర్వాత దాదాపు 26.7 శాతం పెంచాలి. కాబట్టి బేరంలో మీకు కొంచెం జాగా ఉంది.

రమేశ్
అన్నా, ఏటా 5 శాతం అంటే మొదటి కిరాయి మీదే 5 శాతం కదా? అంటే ఏటా రెండు వేలు. అప్పుడు చివరి ఏడు 50,000, మొత్తం 32,40,000 అవుతుంది. మా బావమరిది షాపుకి అలాగే వేశారు.

శ్రీనివాస్
అలా రాసుకుంటే అలాగే. "గత సంవత్సరం చెల్లిస్తున్న కిరాయిపై" అని ఉంటే నేను వేసినట్టు, "ప్రారంభ కిరాయిపై" అని ఉంటే నువ్వు వేసినట్టు. ఏమీ రాయకుండా వట్టి "ఏటా 5 శాతం" అని వదిలేస్తే ఓనర్ తన లెక్క, కిరాయిదారు తన లెక్క పట్టుకుని మూడో ఏడు కూర్చుంటారు. మాధవి గారూ, డ్రాఫ్ట్ వచ్చిందా? వస్తే పెంపు పేరా, అడ్వాన్స్ పేరా ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, పేర్లూ అడ్రసూ తీసేసి.

మాధవి
వచ్చింది శ్రీనివాస్ గారూ. పెంపు: "ఈ అగ్రిమెంటు తేదీ నుండి ప్రతి 36 నెలలకు అప్పటికి అమలులో ఉన్న కిరాయిపై 15 శాతం పెంచబడును." అడ్వాన్స్: "కిరాయిదారు ఎల్లప్పుడూ అమలులో ఉన్న కిరాయికి ఆరు నెలల మొత్తాన్ని డిపాజిట్‌గా ఉంచవలెను." అగ్రిమెంటు తేదీ ఏప్రిల్ 1 అని ఉంది. ఏటా పెంపు వద్దని నిన్ననే చెప్పేశాను.

శ్రీనివాస్
మంచిది. ఇక ఈ రెండు వాక్యాలూ ఒక్కోటి ఒక్కో చోట డబ్బు లాగుతాయి, చూడండి.

మొదటిది తేదీ. మీరు కిరాయి కట్టడం మొదలుపెట్టేది జూన్ 1న, పెంపు లెక్క మాత్రం ఏప్రిల్ 1 నుంచి నడుస్తుంది. దాంతో మొదటి పెంపు 2029 ఏప్రిల్‌లోనే వచ్చేస్తుంది, అప్పటికి మీరు కట్టింది 34 నెలల కిరాయే. ఆ రెండు నెలలకు ఆరేసి వేలు, అంటే 12,000 అదనం. అక్కడితో అయిపోదు. 2032 ఏప్రిల్ 1కి 72 నెలలు నిండుతాయి కాబట్టి లీజు ఇంకో రెండు నెలల్లో ముగుస్తుందనగా రెండో పెంపు పడుతుంది, 46,000 కాస్తా 52,900 అవుతుంది. ఆ రెండు నెలలకు 13,800. మొత్తం 25,800. ఇంటీరియర్‌కి వదిలేశామన్న రెండు నెలల కిరాయి 80 వేలల్లో మూడో వంతు దాకా ఇలా వెనక్కి వెళ్లిపోతుంది. రెన్యువల్‌కి కూర్చున్నప్పుడు కూడా బేరం 46,000 దగ్గర కాక 52,900 దగ్గర మొదలవుతుంది, అసలు దెబ్బ అది. దీనికి మందు చిన్నదే: "అగ్రిమెంటు తేదీ నుండి" తీసేసి "కిరాయి ప్రారంభ తేదీ అయిన 01-06-2026 నుండి" అని రాయించండి, దాని కిందే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నెలకు ఎంతో రెండు వరుసల పట్టిక పెట్టించండి. పట్టిక ఉంటే శాతాల మీద వాదనే రాదు.

రెండోది అడ్వాన్స్. మొదట 2,40,000 ఇస్తారు. "ఎల్లప్పుడూ అమలులో ఉన్న కిరాయికి" అన్నారు కాబట్టి కిరాయి 46,000 అయిన రోజున అడ్వాన్స్ 2,76,000 ఉండాలి, అంటే నాలుగో ఏడు మొదట్లో కిరాయి కాకుండా ఇంకో 36,000 చేతిలో ఉండాలి. ఏటా పెంపు తీసుకుని ఉంటే ఏటా కొంచెం కొంచెం కలుపుతూ చివరికి 3,06,308 దాకా పోయేది. ఈ డబ్బు తిరిగొచ్చేదే, అందుకని ఖర్చులో కలపకండి. కానీ లోన్ అడిగేటప్పుడు మాత్రం కలపాలి, ఎందుకంటే ఆరేళ్లూ అది మీ దగ్గర ఉండదు, దాని మీద మీకు బ్యాంకు వడ్డీ పడుతూనే ఉంటుంది. "డిపాజిట్ రూ. 2,40,000, లీజు కాలమంతా మారదు" అని అడిగి చూడండి. సుజాత గారు చెప్పిన పెయింటింగ్ సంగతి ఇక్కడ పనికొస్తుంది, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత ఉండదనీ, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారో అదీ రాయించండి.

ఆరేళ్ల లీజు కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ చేయించేస్తే చాలని ఎవరైనా అంటే వినకండి, ఏడాది దాటిన లీజుకు అది సరిపోదు.

సుజాత
పనికొచ్చిందంటే సంతోషం. నా విషయానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు 🙂

ఇమ్రాన్
సుజాత గారూ, మీ పాత ఫ్లాట్ అగ్రిమెంట్‌లో పెయింటింగ్ లైను ఉందో లేదో చూడండి ముందు, ఉంటే ఏం చేయలేం. మాధవి అక్కా, నాది అమీర్‌పేటలో మొబైల్ షాపు. కిరాయి మీద జీఎస్టీ అడిగారా? మా ఓనర్ మూడో నెల నుంచి బిల్లులో 18 శాతం వేశాడు, ముందు మాట్లాడుకోలేదు. 40 వేల మీద అయితే 7,200, పెంపు కంటే అదే పెద్దది.

శ్రీనివాస్
మంచి మాట ఇమ్రాన్. ఓనర్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే షాపు కిరాయి మీద 18 శాతం వేస్తారు. మాధవి గారికి రిజిస్ట్రేషన్ లేకపోతే అది తిరిగిరాదు, పూర్తిగా ఖర్చే. 30,96,000 మీద లెక్కేస్తే 5,57,280, అంటే మనం ఇందాకటి నుంచి కొట్టుకుంటున్న తేడా దాని ముందు చిన్నది. ఓనర్‌కు లేకపోయి మీకు రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పన్ను మీరే నేరుగా కట్టాలి, క్రెడిట్ మాత్రం తీసుకోవచ్చు. ఇద్దరికీ లేకపోతే గొడవే లేదు. అడ్వాన్స్ తిరిగిచ్చేది కాబట్టి దాని మీద వేయకూడదు.

టీడీఎస్ కూడా చెప్పేస్తాను. ఆడిట్ లేని చిన్న వ్యాపారికి నెల కిరాయి 50 వేలు దాటితేనే 2 శాతం పట్టుకుని కట్టాల్సి వస్తుంది. ఏటా 5 శాతం పద్ధతిలో ఆరో ఏడు 51,051తో ఆ గీత దాటేవారు. ఇప్పుడు 46,000 దగ్గరే ఆగుతారు, తేదీ సరిచేయిస్తే.

రమేశ్
అన్నా నీ లెక్క ఒప్పుకుంటున్నా కానీ ఒకేసారి ఆరు వేలు, పైగా అడ్వాన్స్‌కి 36 వేలు, నాలుగో ఏడు జూన్‌లో రెండూ కలిసి పడతాయి. చిన్న షాపుకి అది మామూలు విషయం కాదు.

శ్రీనివాస్
నిజమే, కాదనను. మొదటి మూడేళ్లలో మిగిలే 73,200ని ముట్టుకోకుండా ఆర్డీలో వేసుకుంటేనే అది పనిచేస్తుంది. వేసుకోలేని వాళ్లకు ఏటా కొంచెం పెరగడమే నయం అనిపిస్తే తప్పు పట్టను.

మాధవి
ఇప్పుడే ఓనర్ అంకుల్‌తో మాట్లాడాను. తేదీ జూన్ 1కి మార్చడానికి ఒప్పుకున్నారు, పట్టిక కూడా పెడతామన్నారు. అడ్వాన్స్ మాత్రం పెరిగిన కిరాయికి తగ్గట్టు ఉండాల్సిందేనని పట్టుబడుతున్నారు. జీఎస్టీ గురించి అడిగితే "మా అబ్బాయి చూసుకుంటాడు" అన్నారు, ఉందో లేదో తేల్చలేదు. ఆయనకు అదే కాంప్లెక్స్‌లో ఇంకో నాలుగు మల్గీలు ఉన్నాయి.

శ్రీనివాస్
అన్ని మల్గీలుంటే ఏడాది కిరాయిలు కలిపి 20 లక్షలు దాటే అవకాశం ఎక్కువ, ఇప్పుడు లేకపోయినా మధ్యలో తీసుకోవాల్సి రావచ్చు. వాళ్లబ్బాయినే జీఎస్టీ నంబర్ అడగండి, ఇస్తే పోర్టల్‌లో కొట్టి చూడొచ్చు. ఇవ్వకపోతే 40 వేలలో జీఎస్టీ కలిసి ఉందా, వేరుగానా అన్న ఒక్క వాక్యం డ్రాఫ్ట్‌లో రాయించేదాకా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి. అడ్వాన్స్ 36 వేల సంగతి అయితే ఒకేసారి కాకుండా ఆరు నెలల్లో ఆరేసి వేల చొప్పున ఇస్తానని అడిగి చూడండి.