టీఎస్‌హెచ్ నార్మల్, అయినా నీరసం: టీ3 మాత్ర కలపాలా వద్దా?

లక్ష్మి: థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేసి రెండేళ్లయింది. రోజూ 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్, అంటే టీ4 మాత్ర, వేసుకుంటున్నా. థైరాయిడ్‌కి మెదడు పంపే సంకేతం టీఎస్‌హెచ్ 1.8, ఫ్రీ టీ4 పై గీత దగ్గర, ఫ్రీ టీ3 కింది గీత దగ్గర. ఒళ్లు బరువు, మధ్యాహ్నానికే నిద్రమత్తు. టీ3 కూడా కావాలా, లేక అంతా నా భ్రమా?

రమణ: టీఎస్‌హెచ్ బాగుంటే శరీరమంతా బాగున్నట్టేనండీ. టీ4ని అసలు పనిచేసే టీ3గా మార్చుకునే ఎంజైములు ప్రతి కణజాలంలోనూ ఉంటాయి, ఎవరికి కావాల్సింది వాళ్లే మార్చుకుంటారు.

డాక్టర్ సుధ: రమణ గారూ, సగమే నిజం. టీ4 పెరిగితే చాలా చోట్ల, దాన్ని టీ3గా మార్చే టైప్ 2 డీఅయోడినేజ్ ఎంజైముకి చెత్తబుట్టకి పంపాల్సిన సరుకని ముద్ర పడి, కణం ఆ ఎంజైముని విరిచేస్తుంది. మెదడులోని హైపోథాలమస్‌లో మాత్రం ఆ ముద్ర అంత పనిచేయదు, అది టీ3 చేసుకుంటూనే ఉంటుంది, తన కడుపు నిండింది కాబట్టి టీఎస్‌హెచ్‌ని తగ్గించేస్తుంది. గ్రంథి తీసేసిన ఎలుకలకి టీఎస్‌హెచ్ సరిపడేంత టీ4 ఒక్కటే ఇచ్చి చూస్తే రక్తంలో టీ3 పూర్తిగా కోలుకోలేదు, కాలేయంలో, కండరంలో లోటు గుర్తులు మిగిలాయి. పైగా గ్రంథి ఉన్నవాళ్లకి రోజువారీ టీ3లో ఐదో వంతు దాకా నేరుగా గ్రంథి నుంచే వస్తుంది, లక్ష్మి గారికి ఆ వాటా లేదు.

కిరణ్: మా నాన్నకి ఐసీయూలో టీ3 బాగా పడిపోయింది. ఎంత అడిగినా మాత్ర ఇవ్వలేదు!

డాక్టర్ సుధ: అది వేరే కథ కిరణ్ గారూ. తీవ్రమైన జబ్బులో టైప్ 3 డీఅయోడినేజ్ అనే మరో ఎంజైము పెరిగి టీ4ని పనికిరాని రివర్స్ టీ3గా మారుస్తుంది. చాలామందికి జబ్బు తగ్గితే అదే సర్దుకుంటుంది, అందుకే మామూలుగా ఇవ్వరు.

రమణ: ఎలుకల సంగతి సరే, మనుషుల మీద పదికి పైగా ట్రయల్స్ జరిగాయి కదా, కలిపి ఇచ్చినా పెద్ద తేడా లేదన్నారు.

డాక్టర్ సుధ: నిజమే, దాన్ని కొట్టిపారేయను. కానీ వాటిలో చాలావరకు ఇలా టీ3 తక్కువుండి బాధపడేవాళ్లనే ఏరి తీసుకోలేదు. ఆ టైప్ 2 ఎంజైముని తయారుచేసే డీఐఓ2 జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకి కలిపి ఇస్తే మేలన్న ఆశ కూడా తర్వాతి అధ్యయనాల్లో గట్టిగా నిలబడలేదు, ఆ టెస్టుకి డబ్బు పెట్టకండి. ప్రయత్నించాలంటే 100కి బదులు సుమారు 85 టీ4, 5 టీ3, దాన్నీ రెండు పూటలుగా, ఎందుకంటే రెండు మూడు గంటల్లోనే రక్తంలో ఎక్కేస్తుంది. మూడు నుంచి ఆరు నెలలు చూసి, మార్పు లేకపోతే ఆపేయాలి. గుండె దడ ఉన్నా, గర్భం ఆలోచన ఉన్నా వద్దు, కడుపులో బిడ్డ మెదడు తల్లి టీ4 నుంచే టీ3 తయారు చేసుకుంటుంది. ఇంతకీ లక్ష్మి గారూ, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూశారా? ఆ రోజు మాత్ర వేసుకునే రక్తం ఇచ్చారా?

లక్ష్మి: వేసుకునే వెళ్లా మేడమ్. ఫెరిటిన్ 8.

డాక్టర్ సుధ: అయితే ఆ టీ4 కొంత మాత్ర ఎక్కించిన అంకె. మాత్రకి ముందు మళ్లీ చేయించండి. ఫెరిటిన్ 8తో ఎవరికైనా నీరసమే, ఐరన్ మొదలుపెట్టండి, థైరాక్సిన్‌కి నాలుగు గంటల దూరంలో.

రమణ: అదే నేననేది, ముందు ఐరన్.

డాక్టర్ సుధ: మీరన్నది టీఎస్‌హెచ్ గురించండీ! ఐరన్ నిండాక కూడా ఆ టీ3 కిందే ఉండి, నీరసం తగ్గకపోతే అప్పుడు మళ్లీ వాదిద్దాం.