ఎంఎస్‌కి ఇప్పుడే పోవాలా, రెండేళ్లు జాబ్ చేసి పోవాలా?

ఫైనల్_సెమ్: సీఎస్ ఫైనల్ ఇయర్. అమెరికాలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌కి ఫాల్ అడ్మిట్ వచ్చింది, ఫండింగ్ లేదు, మొత్తం లోన్ మీదే. క్యాంపస్‌లో ఒక కంపెనీ ఆఫర్ కూడా చేతిలో ఉంది. ఇప్పుడే వెళ్లిపోనా, రెండేళ్లు పని చేసి వెళ్లనా? అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెప్తున్నారు.

బ్యాగ్_సర్దేసా: వెళ్లిపో తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది. రెండేళ్లన్నావంటే నాలుగేళ్లవుతుంది, నెలనెలా జీతం పడటం మొదలయ్యాక మళ్లీ పుస్తకం పట్టుకోవాలనిపించదు. నా బ్యాచ్‌లో "తర్వాత వెళ్తా" అన్నవాళ్లలో సగం మంది జీఆర్ఈ పుస్తకం కూడా కొనలేదు. పైగా రూల్స్ రోజుకోలా మారుతున్నాయి, తలుపు తెరిచి ఉన్నప్పుడే దూరిపోవాలి.

పాత_కాపు: నేను అక్కడే ఎంఎస్ చేసి, ఇప్పుడు ఇంటర్న్‌లని తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను కాబట్టి ఆ వైపు నుంచి కనిపించేది చెప్తా.

డిగ్రీ చేతికొచ్చాక జాబ్ వెతుక్కోవడమే అసలు గండం అనుకుంటారు అందరూ. అది అంతకన్నా చాలా ముందే వస్తుంది. నువ్వు ఆగస్టులో దిగుతావు, వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకి పెద్ద కంపెనీల అప్లికేషన్లు అప్పటికే తెరుచుకుని ఉంటాయి, సెప్టెంబర్, అక్టోబర్‌లో జోరు మీద ఉంటాయి. అంటే రూమ్ దొరకబుచ్చుకుని, బ్యాంక్ అకౌంట్ తెరిచి, మొదటి అసైన్‌మెంట్‌తో కుస్తీ పడుతున్న వారాల్లోనే నీ రెజ్యూమె బయటికెళ్లాలి. దాని మీద ఎంఎస్ వల్ల వచ్చింది ఇంకా ఒక్క ముక్క ఉండదు, యూనివర్సిటీ పేరు తప్ప. అక్కడ కనిపించేదంతా నువ్వు వెంట తెచ్చుకున్నదే.

కెరీర్ ఫెయిర్‌లో లైన్‌లో నిలబడి నీ వంతు వచ్చేసరికి రిక్రూటర్ కాగితం మీద కొన్ని సెకన్లు కళ్లు ఆడించి "నువ్వు చేసిన ఒక పని చెప్పు" అంటారు. ఫ్రెషర్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చెప్తాడు, నలుగురు కలిసి చేసిన అటెండెన్స్ యాప్, దాన్ని ఎవరైనా వాడారా అని అడిగితే తల గోక్కుంటాడు. రెండేళ్లు పని చేసినోడు "ఆర్డర్ల పేజీ స్లో అవుతోందని కంప్లైంట్లొచ్చాయి, చూస్తే ఒక్కో ఆర్డర్‌కి ఒక్కో క్వెరీ విడిగా పోతోంది, అన్నీ కలిపి ఒకే క్వెరీ చేశాను, ఆ మార్పు వల్ల ఇంకోచోట రిపోర్ట్ విరిగింది, అది ఇలా పట్టుకున్నాను" అంటాడు. ఆ విరిగిన సంగతి చెప్పాడు చూడు, అక్కడే మాకు నమ్మకం కుదురుతుంది.

ఇంటర్న్‌షిప్ ఎందుకంత ముఖ్యమంటే చాలా కంపెనీలు ఫుల్‌టైమ్ ఆఫర్లు ముందు తమ ఇంటర్న్‌లకే ఇస్తాయి. రెండేళ్ల ఎంఎస్ మధ్యలో దొరికే వేసవి ఒక్కటే, అది ఖాళీగా పోతే తర్వాత ఏడాది అంతా ఎదురీతే.

బ్యాగ్_సర్దేసా: అంటే ఫ్రెషర్లకి ఇంటర్న్‌షిప్‌లు రావట్లేదా అన్నా? నాకు తెలిసినవాళ్లకే వచ్చాయి.

పాత_కాపు: వస్తాయి, ఎందుకు రావు. కాలేజీలో ఉండగానే బయట ఇంటర్న్‌షిప్ చేసినోడు, ఓపెన్ సోర్స్‌లో నిజంగా కోడ్ మెర్జ్ అయినోడు, కోడింగ్ రౌండ్లు నీళ్లు తాగినట్టు దాటేవాడు, వీళ్లకి రెండేళ్లు ఆగాల్సిన పని లేదు, వెళ్లిపోవచ్చు. నేను చెప్పేది చూపించుకోవడానికి ఏమీ లేనివాళ్ల గురించి. తమ్ముడు తన రెజ్యూమెలో ఏముందో ఇంకా చెప్పలేదు.

లెక్కల_మాస్టారి_అబ్బాయి: ఇంకో పాయింట్ ఎవరూ చెప్పలేదు. హెచ్1బి లాటరీ ఇప్పుడు పాతలాగా లేదు, 2026 నుంచి వేజ్ లెవెల్ బట్టి నడుస్తోంది. లెవెల్ 4 వాళ్ల పేరు నాలుగుసార్లు వేస్తారు, లెవెల్ 1 వాళ్లది ఒక్కసారే. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంటే ఆటోమేటిక్‌గా లెవెల్ 2కి వెళ్లిపోతావు, ఛాన్స్ డబుల్. కాబట్టి కళ్లు మూసుకుని జాబ్ చేసి వెళ్లు.

పాత_కాపు: మొదటి సగం కరెక్టే. రెండో సగంలో "ఆటోమేటిక్‌గా" అన్నదే తేడా. వాళ్లు చూసేది నీకెన్నేళ్ల అనుభవం ఉందని కాదు, ఆ ఊళ్లో, ఆ రకం ఉద్యోగానికి నిర్ణయించిన నాలుగు మెట్ల జీతాల్లో నీకిచ్చే జీతం ఏ మెట్టు దాటిందని. నువ్వు ఇక్కడ రెండేళ్లు చేసొచ్చినా అక్కడ న్యూ గ్రాడ్ పోస్టులో న్యూ గ్రాడ్ జీతానికే చేరితే ఆ రెండేళ్లు లాటరీలో లెక్కలోకే రావు. కొన్ని కంపెనీలు పాత అనుభవం చూసి ఒక మెట్టు పైన తీసుకుంటాయి, చాలావి తీసుకోవు. బేరమాడితే కుదరొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు.

ఇంకోటి, పేరు నాలుగుసార్లు వేస్తే ఛాన్స్ పాతదానికి నాలుగింతలు అవ్వదు, మొత్తం చీటీలు కూడా పెరుగుతాయి కదా.

సాయంత్రం_బ్యాచ్: ఎక్స్‌పీరియన్స్ లేకుండా మంచి బిజినెస్ స్కూల్స్ చాలావరకు తీసుకోవు బ్రో, జీమ్యాట్ రాసి

ఫైనల్_సెమ్: అన్నా నాది ఎంబీఏ కాదు, ఎంఎస్.

సాయంత్రం_బ్యాచ్: ఓ సారీ, టైటిల్ సరిగ్గా చూడకుండా రాసేశా.

చలిదేశం_అక్క: నా కేసు చెప్తాను, నేను మెకానికల్, వెళ్లింది జర్మనీ. పబ్లిక్ యూనివర్సిటీ కాబట్టి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ ఫీజు ఒక్కటే, కానీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు ముందే వేసి చూపించాలి, ఇప్పుడది 11,904 యూరోలు. నేను మూడేళ్లు డిజైన్‌లో పని చేసి, ఆ డబ్బు నా జీతంలోంచే కూడబెట్టి వెళ్లాను, లోన్ జోలికి పోలేదు. చదువుతుండగా చేసే వెర్క్‌స్టూడెంట్ జాబ్ నాకు మొదటి సెమిస్టర్‌లోనే దొరకడానికి కారణం ఆ మూడేళ్లూ వాడిన క్యాడ్ సాఫ్ట్‌వేరే, మార్కులు ఎవరూ అడగలేదు. అయితే జాబ్ చేస్తూ సాయంత్రాలు జర్మన్ బి1 దాకా నేర్చుకున్నా, అది లేకపోతే ఈ అనుభవం ఎంతవరకు పనికొచ్చేదో నాకు డౌటే. కాబట్టి దేశాన్ని బట్టి లెక్క మారుతుంది తమ్ముడూ.

ఫైనల్_సెమ్: థాంక్స్ అక్కా. పాత_కాపు అన్నా, నా రెజ్యూమెలో ఒక కాలేజీ ప్రాజెక్ట్, ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్, అంతే. నిజంగా అంతే. కానీ క్యాంపస్ ఆఫర్‌లో ఏ ప్రాజెక్ట్ ఇస్తారో చెప్పలేదు, సపోర్ట్‌లో పడేస్తారని సీనియర్లు అంటున్నారు. రెండేళ్ల బాండ్ కూడా ఉంది.

పాత_కాపు: ఇప్పుడు అసలు విషయంలోకొచ్చావు. రెండేళ్లు టికెట్లు క్లోజ్ చేసి, "ఇష్యూ వచ్చింది, వేరే టీమ్‌కి పంపాం" అని చెప్పుకునే పనైతే అది కెరీర్ ఫెయిర్‌లో అటెండెన్స్ యాప్ కంటే పెద్దగా ఎక్కువేం కాదు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్తున్నా. చేరిన ఆరు నెలల్లో తెలిసిపోతుంది. నువ్వు రాసిన కోడ్ కస్టమర్ దాకా వెళ్లిందా, నీ కోడ్‌ని ఎవరైనా కూర్చుని రివ్యూ చేసి తప్పులు పట్టారా, ఏదైనా విరిగితే నీకు ఫోన్ వస్తుందా. మూడిటికీ కాదు అంటే ఆ టీమ్‌లో ఉండి అనుభవం వస్తుందని ఎదురుచూడకు, లోపలే టీమ్ మారడానికి చూడు, కుదరకపోతే బయటికి. బాండ్ కాగితం సంతకం ముందు మొత్తం చదువు, మధ్యలో వెళ్తే ఎంత కట్టాలి, రిలీవింగ్ లెటర్ ఆపుతారా అనేది అందులోనే ఉంటుంది.

లెక్కల_మాస్టారి_అబ్బాయి: లోన్ కూడా లెక్క వేద్దాం. 50,000 డాలర్లు 10 శాతానికి తీసుకున్నావనుకో, పదేళ్లలో తీర్చాలంటే నెలకి 660 డాలర్లు పైనే. చదివే రెండేళ్లలో కట్టని వడ్డీ అసలుకి కలుస్తుంది కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే. అక్కడ జాబ్ ఉంటే ఇది భారం కాదు. జాబ్ రాక వెనక్కొస్తే ఇక్కడి ఫ్రెషర్ జీతంతో కట్టాల్సింది ఇదే, అప్పుడు ప్రాణం మీదకొస్తుంది. రెండేళ్లు చేసి వెళ్లినోడు వెనక్కొచ్చినా కనీసం ఫ్రెషర్‌గా రాడు.

పాత_కాపు: ఇది మాత్రం నూటికి నూరు శాతం ఒప్పుకుంటా.

బ్యాగ్_సర్దేసా: మీరంతా ఒకవైపే చూస్తున్నారు. ఇప్పుడు 2026 ఆగస్టులో వెళ్తే 2028 మేలో అయిపోతుంది, చదువయ్యాక అక్కడే పని చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, స్టెమ్ కాబట్టి ఎక్స్‌టెన్షన్ రెండేళ్లు, 2031 దాకా టైముంది, మార్చిలో లాటరీ 2029, 2030, 2031 మూడుసార్లు. రెండేళ్లు ఆగితే అప్పటికి ఓపీటీయే ఉంటుందో లేదో, ఎవరు గ్యారంటీ ఇస్తారు? 2025 సెప్టెంబర్‌లో రాత్రికి రాత్రి లక్ష డాలర్ల ఫీజు పెట్టలేదా?

పాత_కాపు: ఆ ఫీజు బయట దేశం నుంచి కొత్తగా తెచ్చుకునేవాళ్ల మీద, అక్కడే చదువుకుని స్టేటస్ మార్చుకునేవాళ్లకి వర్తించదని అక్టోబర్‌లో చెప్పారు. అయినా నీ భయం తప్పని నేననను, ఓపీటీ చట్టంలో లేదు, రెగ్యులేషన్‌లో ఉంది, మార్చాలంటే మార్చొచ్చు. కానీ అదే భయం ఇప్పుడెళ్లేవాడికీ ఉంది కదా, చదువు మధ్యలో మారితే లోన్ నెత్తిమీద ఉండగా మారుతుంది. ఆగినోడికి కనీసం వేరే దేశం చూసుకునే వీలుంటుంది.

బ్యాగ్_సర్దేసా: పాత రూల్‌లో లోపలున్నవాళ్లని సాధారణంగా వదిలేస్తారు అన్నా, బయటున్నవాళ్లకే దెబ్బ. దీనిమీద మనిద్దరికీ కుదరదులే.

ఫైనల్_సెమ్: ఒకవేళ ఆగితే ఈ అడ్మిట్ పోయినట్టేనా?

పాత_కాపు: డిఫర్ అడుగు. కొన్నిచోట్ల ఒక సెమిస్టర్, కొన్నిచోట్ల ఏడాది ఇస్తారు, కొన్నిచోట్ల మళ్లీ అప్లై చేసుకోమంటారు, రెండేళ్లు మాత్రం ఇవ్వడం అరుదు. గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టి "డిపాజిట్ కడితే వచ్చే ఫాల్‌కి కూడా అదే అడ్మిట్ చెల్లుతుందా" అని రాతలో తీసుకో, డబ్బు ఆ తర్వాతే కట్టు. జీఆర్ఈ స్కోర్ ఐదేళ్లుంటుంది, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లే, అది మళ్లీ రాయాలి. ప్రొఫెసర్ల దగ్గర రికమెండేషన్ లెటర్లు ఇప్పుడే మాట్లాడి పెట్టుకో, రెండేళ్ల తర్వాత నీ మొహం గుర్తుండదు వాళ్లకి.

చలిదేశం_అక్క: లెటర్ల మాట నిజం. నా ప్రొఫెసర్ ఒకాయన మూడేళ్ల తర్వాత నన్ను ఏ బ్రాంచ్ అని అడిగారు.

ఫైనల్_సెమ్: మెయిల్ ఇవాళే పెడతాను. కంపెనీ హెచ్ఆర్‌ని కూడా ఏ టీమ్ అని అడుగుతా, చెప్తారో లేదో. జాయినింగ్ డేట్ ఇంకా ఇవ్వలేదు, అది కాలేజీ మొదలయ్యే టైమ్ దాటి వస్తే ఏం చేయాలి?

బ్యాగ్_సర్దేసా: అప్పుడు నేను చెప్పిందే చేయాలి 😄