అబ్బాయి వారికి పంపే మొదటి సందేశంలో ఉద్యోగం మాట రాయవచ్చా?

కాకినాడ తండ్రి: తెలిసినవారి ద్వారా ఒక అబ్బాయి తండ్రిగారి వాట్సాప్ నంబరు వచ్చింది. మొదటి సందేశంలో ఏమేమి రాయాలి? పెళ్లయ్యాక కూడా మా అమ్మాయి ఉద్యోగం చేస్తుందని ఇప్పుడే చెప్పాలా?

విశ్రాంత ఉపాధ్యాయుడు: గోత్రం, నక్షత్రం, చదువు రాసి, ఫోటో జతచేయండి. పుట్టిన తేదీ, సమయం, ఊరు కూడా లేకపోతే జాతకం కుదిరిందో లేదో వారు చూసుకోలేరు. ఉద్యోగం సంగతి పెళ్లిచూపుల్లో మాట్లాడుకోవచ్చు.

పరిచయ వేదిక నిర్వాహకురాలు: గోత్రం తప్పక రాయాలి, ఎందుకంటే సగోత్రమని తేలితే చాలామంది అక్కడితోనే ఆగిపోతారు. పొంతన చూడటానికి మాత్రం నక్షత్రం, పాదం సరిపోతాయి. పుట్టిన సమయం లగ్నానికీ కుజదోషానికీ కావాలి కాబట్టి, వారు ఆసక్తి చూపాక ఇవ్వవచ్చు. మొదటి సందేశం బంధువుల గ్రూపులన్నీ తిరిగి వస్తుంది. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారమండీ. మీ బావమరిదిగారు చెప్పగా, ఆయన అనుమతితోనే మీకు రాస్తున్నాను. మాది కాకినాడ, కౌండిన్యస గోత్రం. మా పెద్దమ్మాయికి 27 ఏళ్లు, రోహిణి రెండో పాదం. ఎం.టెక్. చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, పెళ్లయ్యాక కూడా కొనసాగించాలని తన కోరిక. తనకు చెప్పే ఈ సందేశం పంపుతున్నాను. మీకు సమ్మతమైతే ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను. వద్దనుకుంటే ఆ ఒక్క మాట తెలియజేయండి, మేమేమీ అనుకోము."

విశ్రాంత ఉపాధ్యాయుడు: పాదం ఒక్కటే చాలదు. మా తమ్ముడి కూతురి సంబంధం కుజదోషం వల్లే నిశ్చితార్థానికి వారం ముందు తప్పిపోయింది.

ఖమ్మం తల్లి: మాస్టారూ, అడిగింది ఉద్యోగం గురించి. "ముందే ఎందుకు" అని మావారు అనడంతో మేము ఆ మాట దాచాము. లగ్నపత్రిక రాసుకున్నాక అబ్బాయి తల్లిగారు "ఇంకెన్నాళ్లు చేస్తుందమ్మా?" అని అడిగితే, మా అమ్మాయి నా ముఖం చూసిన చూపు ఇప్పటికీ మరవలేను.

విశ్రాంత ఉపాధ్యాయుడు: మీ బాధ అర్థమైంది. కానీ పిల్లనిచ్చేవారు తొలి పలకరింపులోనే షరతు పెడితే అవతలివారు గర్వమనుకోరా? మా ఇంట్లో ఎన్నడూ అలా జరగలేదు.

ఖమ్మం తల్లి: అసలు సంగతి అదన్నమాట! ఇంతసేపూ మీరు జాతకం అడ్డం పెట్టుకుని అన్నది, అమ్మాయివారికి కోరిక చెప్పుకునే హక్కు లేదనే కదా?

విశ్రాంత ఉపాధ్యాయుడు: హక్కు లేదనలేదు. సమయం కాదన్నాను.

నెల్లూరు అన్నయ్య: కట్నం ఇవ్వబోమని కూడా అందులోనే రాసేయండి.

పరిచయ వేదిక నిర్వాహకురాలు: 1961 నాటి చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ నేరమే. అయినా అడగనివారికి ముందే ఆ మాట రాస్తే అనుమానించినట్లు ఉంటుంది. వారు ఎత్తిన రోజున స్పష్టంగా చెప్పండి. ఉద్యోగం అలా కాదు, అది అమ్మాయి జీవితం. మాస్టారు షరతు అంటున్నారు, నేను "కోరిక" అని రాశాను.

కాకినాడ తండ్రి: అమ్మాయికి చదివి వినిపించాను. "కోరిక" తీసేసి "కొనసాగిస్తుంది" అని రాయమంటోంది. వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదు. ఇంకా పంపలేదు.