షేర్డ్ డ్రైవ్ రీస్టోర్: ఏ తేదీలు ఇవ్వాలి?

చీమకుర్తిలోని గ్రానైట్ ఎగుమతి సంస్థ అది. గూగుల్ షేర్డ్ డ్రైవ్‌లోని ప్యాకింగ్ లిస్టుల ఫోల్డర్‌ను జూన్ 3న ఎవరో తొలగించారు. ట్రాష్‌లో 30 రోజులుండి జూలై 3న అక్కడి నుంచీ పోయింది. ఇక సభ్యులెవరూ తీయలేరు. అడ్మిన్‌కు మాత్రం ఇంకో 25 రోజులు, అంటే జూలై 28 దాకా గడువుంది.

అడ్మిన్ కన్సోల్‌లో `Manage shared drives` తెరిచి, ఆ డ్రైవ్‌కు రీస్టోర్ నొక్కితే తేదీలు అడుగుతోంది. జూన్ 3 పెడదామంటే 25 రోజులు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి ఇవ్వాల్సింది ట్రాష్ ఖాళీ అయిన తేదీయేనని, జూలై 2 నుంచి 4 వరకు సరిపోతుందని అనుకుంటున్నాను. సరేనా?

అసలు భయం వేరే. ఒక్క ఫోల్డర్‌నే ఎంచుకునే వీలు లేదు, ఆ తేదీల్లో పోయిన పాత రేట్ల షీట్లు కూడా తిరిగొస్తాయి. వాటిని ఏరి తీసేయడానికి ఆడిట్ లాగ్‌లోని తొలగింపుల జాబితా తప్ప వేరే దారి ఉందా? చేసినవాళ్లు చెప్పండి, దయచేసి.